తనిఖీలో దొరికిన చెవి

ఆ ఆదివారం పార్వతీదేవికి పడిన డ్యూటీ ఏమిటో విని ఆవిడ భర్త పట్టాభిరామయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. పాతికేళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పినావిడ చేతికి మెటల్ డిటెక్టర్ ఇచ్చి, గేటు దగ్గర నిలబడి ఆడపిల్లల జేబులు తడమమన్నారంటే ఆయనకు నవ్వు రాదూ మరి! నవ్వితే నవ్వారుగానీ టిఫిను డబ్బా కట్టమని కసిరి, ఆవిడ తాముండే నాగారంలో ఇంకా పాల ప్యాకెట్ల వాళ్లు తప్ప ఎవరూ లేవని వేళకే ఆటో ఎక్కింది. పై పొట్టు చూస్తే గయ్యాళిలా కనిపిస్తుందిగానీ పార్వతీదేవి మనసు మాత్రం వెన్న. ఆ వెన్నే ఆ రోజు ఒక పిల్ల కొంప ముంచింది. కథ అక్కడికే వస్తుంది.

ఆవిడ పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీ మేడ్చల్ దాటాక, హైవే మీంచి లోపలికి వెళ్లే మట్టి రోడ్డు చివర ఉంటుంది. ఆ యేడు, అంటే రెండువేల పదమూడులో, మెడికల్ ఎంట్రన్సుకి దాన్ని సెంటరుగా వేశారు. ఆవిడ వెళ్లేసరికే ప్రిన్సిపాల్ చలపతిరావు స్టాఫునంతా సెమినార్ హాల్లో కూర్చోబెట్టి చెబుతున్నాడు. సెంటరుకి చీఫ్ సూపరింటెండెంట్ ఆయనే. పక్కన ఒక కుర్రాయన, తెల్ల చొక్కా, మొహాన నవ్వన్నది మచ్చుకైనా లేదు. పేరు రఘునందన్, పైనుంచి పంపిన అబ్జర్వరు.

ఇంత హడావిడి ఎందుకో ఆ రఘునందనే చెప్పాడు. కిందటేడు ఒక సెంటర్లో ఒకడు చొక్కా గుండీలో కెమెరా పెట్టుకుని పేపరు ఫోటో బయటికి పంపాడట. బయట ఒక లాడ్జిలో కూర్చున్న వాళ్లు లెక్కలు చేసి, జవాబులు ఫోన్లో చదివారట. లోపల కూర్చున్న వాళ్ల బనియన్లలో సిమ్ కార్డు పెట్టిన చిన్న పెట్టె, చెవిలో శనగ గింజంత స్పీకరు. తలవంచుకుని వినడం, గుండ్రాలు నింపడం, అంతే. ఏళ్ల తరబడి చదువుకున్న పిల్లలు వెనకబడ్డారు, లక్షలు పోసినవాళ్ల పేర్లు పైకొచ్చాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఇప్పుడు మనకీ తంటా అని పార్వతీదేవి పక్కావిడతో గొణిగింది.

కానీ ఏర్పాట్లు మాత్రం తర్కబద్ధంగానే ఉన్నాయని ఆవిడ లోలోపల ఒప్పుకుంది. చేతి డిటెక్టరు లోహం ఎక్కడుందో చెబుతుంది. కాగితం చీటీ లోహం కాదు గనక దానికి చేత్తో తడిమి చూడడమే. ఆ రెంటినీ తప్పించుకుని ఫోను లోపలికి పోయినా పనికి రాకుండా జామర్లున్నాయి. అవి ఫోను మాట్లాడుకునే తరంగాల మీదే రొద నింపేస్తాయి, ఆ రొదలో టవరు పిలుపు ఫోనుకి చేరదు. ఇక లోపల ఎవరైనా పక్కచూపులు చూస్తే గదికో కెమెరా. ఒకటి తప్పితే ఇంకోటి పట్టుకోవాలి, అంతే లెక్క. చెవులు మాత్రం ఒక్కటి కూడా వదలొద్దని రఘునందన్ ప్రత్యేకంగా చెప్పాడు. జుట్టు వెనక్కి తీయించి, రెండు చెవుల్లోకీ టార్చి వేసి చూడాలి. ఎలక్ట్రానిక్ వస్తువు ఏది దొరికినా రిజిస్టర్లో రాసి, పిల్లని తన దగ్గరికి తీసుకురావాలి.

గేటు పక్కన అమ్మాయిల కోసం దుప్పట్లు కట్టి చాటు చేశారు. లోపల పార్వతీదేవి, సాయానికి ఆయా శివమ్మ. ఎనిమిదింటికల్లా రోడ్డు నిండిపోయింది. అబ్బాయిలది ఒక లైను, అమ్మాయిలది ఒక లైను. హాల్ టికెట్టు మీది ఫోటోకి మొహం సరిపోయిందా లేదా చూసి ఒక్కొక్కరినే చాటులోకి పంపుతున్నారు. వాచీలు, గాజులు, పిన్నులు, పర్సులు అన్నీ తీసి బయట అమ్మానాన్నల చేతిలో పెట్టి రావాలి. ఒక పిల్ల పట్టీలు కాళ్లకు బిగుసుకుపోయి రాకపోతే శివమ్మ సబ్బు నీళ్లు పోసి లాగింది. ఒక పిల్ల సిగ్గుతో చచ్చిపోతూ ఏడ్చేసింది. పార్వతీదేవి ప్రతి పిల్లనీ "చెయ్యి వేస్తున్నానమ్మా" అని చెప్పి మరీ తాకేది. అలా చెప్పమని ఎవరూ చెప్పలేదు. సొంత కూతుర్ని ఇలా ఎవరైనా తడిమితే ఎలా ఉంటుందని అనుకుందేమో, తొమ్మిది దాటేసరికి గొంతు బొంగురుపోయినా ఆ మాట మానలేదు.

అప్పుడొచ్చింది ఫిజా. సన్నగా, పొడుగ్గా, తల చుట్టూ నల్ల స్కార్ఫు బిగించి కట్టుకున్న పిల్ల. "స్కార్ఫు తియ్యాలమ్మా, చాటే ఇది, ఇక్కడ మగవాళ్లెవరూ రారు" అంది పార్వతీదేవి. పిల్ల ఆవిడ నోటివైపే చూస్తూ నిలబడింది. తీయలేదు. రెండోసారి చెబితే నెమ్మదిగా ముడి విప్పింది. డిటెక్టరు ఎడమ చెవి దగ్గరికి రాగానే కీచుమంది.

జుట్టు పక్కకి తీసి చూస్తే చెవి వెనక చిక్కుడు గింజంత మిషను, దాన్నుంచి సన్నటి గొట్టం చెవిలోకి. శివమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. కిందటేడు సంగతి పొద్దున్నే విన్నది కదా. పార్వతీదేవి మాత్రం ఆ వస్తువేమిటో చూడగానే గుర్తుపట్టింది. బ్లూటూత్ కాదు, వినికిడి మిషను. ఆవిడ పెదనాన్నకి ఉండేది ఇలాంటిదే.

సర్టిఫికెట్ ఉందా అని అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. మరి హాల్ టికెట్టులో, వైకల్యం ఉన్నదా అన్న చోట? లేదు అని అచ్చయి ఉంది. "ఇదేమిటమ్మా ఇలా చేశావు" అంటే పిల్ల కళ్లనీళ్లు జలజలా రాలిపోయాయి. తాత బయట ఉన్నాడని చెప్పింది.

ఆ తాత పేరు బాబా మియా. షామీర్‌పేట దగ్గర కూరగాయలు పండించి బోయిన్‌పల్లి మార్కెట్టుకి వేసే మనిషి. మోచేతుల దాకా ఎండకి కమిలిన చేతులు, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల లుంగీ, తలకు టోపీ. శివమ్మ కేకేస్తే, మనవరాలి పిన్నులన్నీ గుప్పిట్లో పట్టుకుని దుప్పటి అంచు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. విషయం చెప్పగానే ముసలాయన మొహం పాలిపోయింది.

"గది ఫోను గాదు మేడం, అల్లా మీద ఒట్టు. పోరికి చిన్నప్పుడు మెదడు జరమొచ్చింది. ఒక సెవి మొత్తానికే పోయింది. ఇంకో సెవి గా మిషినుంటేనే ఇనబడ్తది. అప్లికేషన్ నింపేటప్పుడు నెట్ సెంటర్ పిలగాడు జెప్పిండు, సెవులు ఇనబడయని రాస్తే డాక్టర్ సీటు ఇయ్యరని. గుండె సప్పుడు ఇనాలంటే సెవులుండాలె గద అన్నడు. నేనే లేదని కొట్టుమన్న. తప్పు నాది, పోరిది గాదు."

ఆ నెట్ సెంటర్ కుర్రాడు చెప్పింది నిజమో అబద్ధమో పార్వతీదేవికి తెలీదు. ఆ ముసలాయనకి అంతకన్నా తెలీదు. కాలేజీ మెట్లు ఎక్కని ఇళ్లలో నెట్ సెంటర్ వాడి మాటే జీవో. వాడు ఔనంటే ఔను, కాదంటే కాదు. ఇంట్లో మొదటిసారి ఒక పిల్ల పన్నెండో తరగతి దాటి, ఇంగ్లీషు పుస్తకాలు చదివి, డాక్టరవుతానంటే అడ్డం వచ్చే ఏ అక్షరాన్నైనా చెరిపెయ్యాలనుకోవడం వాళ్ల లెక్కలో తప్పు కాదు.

రూలు ప్రకారమైతే ఏం చెయ్యాలో పార్వతీదేవికి బాగా తెలుసు. రిజిస్టర్లో రాయాలి, రఘునందన్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఆయన కాగితం మీద 'లేదు' అని ఉన్న పిల్ల చెవిలో మిషను చూస్తాడు. పరీక్ష రాయనిస్తాడా? రాయనిచ్చినా, ఆ మాట కాగితం మీదికెక్కి పైకి పోతుంది. గేటు మూసే టైము దగ్గర పడుతోంది. ఒక్క నిమిషం దాటినా లోపలికి రానివ్వరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మిషను తీయించి, ఇది లేకుండా రాయగలవా అని ఆవిడ అడిగింది. ఫిజా ఆవిడ పెదవులనే చూసి, కళ్లు తుడుచుకుని, కొంచెం గట్టిగా అంది. వినపడని వాళ్లు మాట్లాడితే గొంతు అలాగే పైకి లేస్తుంది.

"రాస్త మేడం. పేపర్ల ఉన్నది ఇనేదేముంది, సదివేదే గద. మూతి జూస్తే అర్థం జేసుకుంట."

హాల్ టికెట్టు నంబరు చూస్తే పిల్లది మొదటి బెంచీ. మంచిదే, ఇన్విజిలేటరు ఎదురుగా ఉంటుంది, మూతి కనబడుతుంది అనుకున్నారు ఇద్దరూ. పార్వతీదేవి మిషనుని ఒక కాగితం కవర్లో పెట్టి, దుప్పటి సందులోంచి కనబడే గేటు కెమెరాకి వీపు తిప్పి, తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. రిజిస్టర్లో ఏమీ రాయలేదు. ఆ గదిలో ఇన్విజిలేటరు లిఖిత, మంచి పిల్ల. ఆమెకి ఒక మాట చెప్పి పంపితే చాలు, బెల్లు కొట్టినప్పుడు భుజం తడుతుంది. ఆ సంగతే బాబా మియాతో అంది. ఆయన రెండు చేతులూ జోడించేశాడు.

"వద్దు మేడం, మీకు దండం పెడ్త. ఒక్కరికి జెప్తే పది మందికి తెలుస్తది. గీ మాట మీ దగ్గర్నే ఉండాలె."

ఎలాంటి మనిషైనా జోడించిన ఆ చేతులు చూస్తే మెత్తబడతాడు. పార్వతీదేవి సంగతి చెప్పనే అక్కర్లేదు. సరే అంది. ఎవరికీ చెప్పను పెద్దాయనా, నా మాట నమ్మండి అంది. శివమ్మకి కూడా నోరు విప్పొద్దని కళ్లతోనే చెప్పింది. ఫిజా స్కార్ఫు కట్టుకుని, ఒక్క బాల్ పెన్నూ హాల్ టికెట్టూ పట్టుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తింది. ఆ తర్వాత గేటు మూసేశారు.

బయట వేపచెట్ల కింద తల్లిదండ్రులు గుంపులుగా చేరారు. కాసేపటికి ఒక్కొక్కరే ఫోన్లు ఎత్తి పట్టుకుని సిగ్నల్ వెతుక్కోవడం మొదలుపెట్టారు. జామర్లు ఆన్ చేశారు. లోపలి గదుల కోసం పెట్టిన రొద గోడ దాటి రోడ్డు మీదకీ పొంగింది. గేటు కానిస్టేబులు, హైవే దాకా పోతే తప్ప ఫోను కలవదని అందరికీ చెబుతున్నాడు. బాబా మియాకి ఫోను గొడవే లేదు. గోడ నీడన తువ్వాలు పరుచుకుని, తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాడు. మనవరాలు బయటికొస్తే ముందు తనే కనబడాలని గేటుకి ఎదురుగా చోటు చూసుకున్నాడు.

స్టాఫ్ రూములో పార్వతీదేవి టీ తాగుతూ మనసు కుదుట పరుచుకోవడానికి చూసింది. చేసింది తప్పు కాదు. దొంగతనానికి సాయం చెయ్యలేదు. మిషను తీసే పంపింది, అంటే రూలు పాటించినట్టే. పైగా ఒక పిల్ల ఏడాది నిలబెట్టింది. ఇలా ఎన్ని చెప్పుకున్నా ఏదో ఒక ముల్లు లోపల గుచ్చుకుంటూనే ఉంది. అదేమిటో పదకొండున్నర బెల్లు మోగినప్పుడు అర్థమైంది. అరగంటకో బెల్లు కొడుతున్నారు. పిల్లల దగ్గర వాచీలు లేవు. గది గడియారం ఎక్కడుంటుంది? తను రోజూ పాఠం చెప్పే గదే అది. తలుపు పైన, వెనక గోడకి. మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల టైము చూడాలంటే వెనక్కి తిరగాలి. కెమెరా ఉన్న గదిలో వెనక్కి తిరగొద్దని పొద్దున్నే హెచ్చరించారు. టైము తెలిసేది బెల్లుతోనే, ఆ బెల్లు ఫిజాకి వినపడదు. ముందు బెంచీ కాబట్టి వెనక ఎవరు పెన్నులు దించినా కనపడదు.

పార్వతీదేవి చటుక్కున లేచింది. మాట ఇచ్చిన సంగతి పక్కన పెట్టి లిఖితకి చెప్పేద్దామనుకుంది. ఫోను తీసింది. దాని మొహాన ఒక్క గీత లేదు. ఉన్నా ఏం లాభం, ఇన్విజిలేటర్ల ఫోన్లు పొద్దున్నే ప్రిన్సిపాల్ గది బీరువాలో పెట్టించారు. పరీక్ష జరిగే బ్లాకు దగ్గరికి నడిచింది. మెట్ల దగ్గర కానిస్టేబులు లేచి నిలబడి, తనిఖీ స్టాఫు పరీక్ష మొదలయ్యాక లోపలికి రాకూడదని మర్యాదగానే చెప్పాడు. రఘునందన్ సంతకం ఉన్న కాగితం తెమ్మన్నాడు. రఘునందన్ సంతకం కావాలంటే రఘునందన్‌కి కారణం చెప్పాలి.

అక్కడే అటూ ఇటూ తిరిగింది. వెనక్కి వెళ్లి కూర్చుంది. మళ్లీ లేచింది. చెబితే పిల్ల పేరు కాగితం మీదికి ఎక్కుతుంది, చెప్పకపోతే ఏమవుతుందో! ఏమీ కాకపోవచ్చు కూడా. తెలివైన పిల్ల, ముందే రాసి కూర్చుంటుంది, పక్క బెంచీ పిల్ల కదిలితే చూస్తుంది. ఇలా తనకి తనే సర్దిచెప్పుకుంటూ గంటకి పైగా పాడు చేసింది. చివరికి ఉండబట్టలేక, ఏదైతే అదవుతుందని చలపతిరావు గదికి వెళ్లింది. ఆయన్ని ఒక్కణ్ణే బయటికి పిలిచి చెవిలో వేద్దామని ఆవిడ ఆలోచన.

ఆ గదిలోనే కెమెరాల టీవీలున్నాయి. గోడ నిండా చిన్న చిన్న గళ్లలో గదులు, బెంచీలు, వంచిన తలలు. చలపతిరావు పక్కనే కుర్చీ వేసుకుని రఘునందన్ ఒక్కో గడిలోకీ తొంగిచూస్తున్నాడు. ఆవిడ తలుపు దగ్గర ఆగిపోయింది. ఫిజా ఉన్న గది పై వరసలో కనబడింది. మొదటి బెంచీలో నల్ల స్కార్ఫు. ప్రశ్నల పుస్తకం పక్కన పెట్టుకుని, అందులోంచి చూసి చూసి జవాబు పత్రంలో గుండ్రాలు నింపుతోంది. చాలామంది తెలివైన పిల్లలకి ఉండే అలవాటే అది. ముందు జవాబులన్నీ పుస్తకంలో టిక్కు పెట్టుకుని, చివరి బెల్లుకి ముందు వరసగా దిద్దేసుకుంటారు.

పార్వతీదేవి "సార్" అని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే పరీక్ష అయిపోయిందని కారిడార్లో పెద్ద బెల్లు మోగింది.

కెమెరాలకి కళ్లేగానీ చెవుల్లేవు. టీవీలో చప్పుడు లేదు. అన్ని గళ్లలోనూ పిల్లలు పెన్నులు దించి, ఒళ్లు విరుచుకుని, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఒక్క నల్ల స్కార్ఫు మాత్రం తల ఎత్తలేదు. పెన్ను గుండ్రం నుంచి గుండ్రానికి నెమ్మదిగా, జాగ్రత్తగా, గీత బయటికి పోకుండా కదులుతోంది. లిఖిత వెనక బెంచీల నుంచి పత్రాలు తీసుకుంటూ వస్తోంది. ఆమె పెదవులు కదిలాయి, చెయ్యి ఊపింది. ఫిజా వీపు ఆమెకి. పెన్ను ఆగలేదు. ఆ పిల్ల లోకం ఎలా ఉంటుందో పార్వతీదేవికి ఆ టీవీలో మొదటిసారి కనిపించింది. ఎవరేమన్నా నోళ్లు కదలడమే.

"చూడండి సార్ ఆ అమ్మాయిని" అన్నాడు రఘునందన్. లిఖిత ఇంకోసారి ఏదో అంది. ఇంకా ఒక వరస దాటింది. దగ్గరికొచ్చి భుజం పట్టుకునేసరికి ఫిజా ఉలిక్కిపడి, పెన్ను జారిపోయి, చుట్టూ చూసింది. అందరి చేతులూ ఖాళీగా ఉన్నాయి. అప్పుడు ఆ పిల్ల మొహం ఎలా మారిపోయిందో అంత చిన్న గడిలోనూ తెలిసింది.

పిల్లని గదికి పిలిపించారు. లిఖిత పాపం కంగారుపడిపోతోంది, ఆపమని మూడుసార్లు చెప్పానని, వినిపించుకోలేదని అంది. రఘునందన్ కసాయివాడు కాదు, అరవలేదు. కెమెరాలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బెల్లు తర్వాత రాస్తే ఆ జవాబు పత్రం మిగతా వాటితో కలవదు. వేరే కవర్లో పెట్టి, రిపోర్టుతో పైకి పంపుతారు. దాన్ని దిద్దరు. ఇందులో తను చెయ్యగలిగిందేమీ లేదని, ఒకరిని వదిలితే కిందటేడులాగే అవుతుందని అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. అదే పార్వతీదేవికి మరీ కష్టంగా తోచింది.

పిల్ల ఏదైనా చెప్పుకోవాలంటే చెప్పుకోవచ్చని చలపతిరావు రిపోర్టు కాగితం ముందు పెట్టాడు. ఫిజా ఆయన పెదవులే చూస్తోంది. పార్వతీదేవి ఇక ఆగలేకపోయింది. పిల్లకి చెవులు వినపడవని, తనే మిషను తీసిందని చెప్పెయ్యాలి. ఉద్యోగం పోతే పోనీ. కానీ ఆ మరుక్షణమే బుర్రలో ఇంకో లెక్క పడింది. చెబితే ఏం రాస్తారు? చెవిలో మిషనుతో వచ్చింది, దరఖాస్తులో దాచింది, తనిఖీ చేసినావిడ రిజిస్టర్లో ఎక్కించకుండా బ్యాగులో వేసుకుంది. పొద్దున నిజంగా ఉన్న ఆ మాట ఇప్పుడు దొంగతనంలాగే వినిపిస్తుంది. చెప్పాల్సిన వేళకి చెప్పని నిజానికి విలువెక్కడుంది! అయినా సరే, ముందుకు అడుగేసింది.

"సార్, ఆ అమ్మాయికి బెల్లు..." అంది.

ఫిజా చటుక్కున ఆవిడ వైపు తిరిగింది. సగం మాటే ఆ పెదవుల మీద చదివింది, మిగతాది తెలుసుకుంది. ఒక్క క్షణం ఆ పిల్ల కళ్లలో బెదురు కనిపించింది. తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగి, గది మొత్తానికి వినపడేంత గట్టిగా చెప్పేసింది.

"నాకు బెల్లు ఇనబడ్డది సార్. ఇనే రాసిన. ఇంక కొన్ని మిగిలినయని రాసిన."

రఘునందన్ తల ఊపి, ఆ మాటే రిపోర్టులో రాయించాడు. ఫిజా సంతకం పెట్టింది. చక్కని అక్షరాలు. గదిలో ఉన్నవాళ్లందరూ ఇంత పొగరేమిటి అన్నట్టు చూశారు. పార్వతీదేవి వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

వరండాలో ఒక మూలకి తీసుకెళ్లి ఆవిడ కవరు ఇచ్చింది. పిల్ల వెనక్కి తిరిగి, స్కార్ఫు కింద చెయ్యి పెట్టి, మిషను సర్దుకుంది. ఎందుకలా అన్నావమ్మా, నన్ను చెప్పనియ్యకపోయావా అని ఆవిడ కుమిలిపోతూ అడిగింది. ఫిజా ఇప్పుడు మామూలు గొంతుతో, నెమ్మదిగా మాట్లాడింది.

"బెల్లు తర్వాత రాసిందంటే గీ ఒక్క పరీక్షనే పోతది మేడం. వచ్చే యేడు మల్ల రాస్త. సెవిటిదని రాస్తే ఎన్నటికి పోతది."

ఆ పిల్ల అనుకున్నది నిజమో కాదో పార్వతీదేవికి అప్పటికీ తెలీదు. పొద్దున తెలీదు, ఇప్పుడూ తెలీదు. తెలుసుకుందామని ఒక్కసారి రఘునందన్‌ని పక్కకి పిలిచి, పేరు చెప్పకుండా, వినికిడి మిషను ఉన్న పిల్లలకి ఏమిటి పద్ధతని అడిగి ఉంటే సరిపోయేది. డాక్టరు కాగితం ఉంటే సెంటరు వాళ్లే మిషను ఉంచుకోనిస్తారో, పక్కన మనిషిని పెడతారో, ఏదో ఒకటి ఆయనకి తెలిసే ఉంటుంది. అడగలేదు. జాలిపడింది, మాట ఇచ్చింది, పాపం మూట కట్టుకుంది. చదువుకున్నది, పాఠాలు చెప్పేది, ఆ నెట్ సెంటర్ కుర్రాడి మాటనే నమ్మి కూర్చుంది. తనమీద తనకే అసహ్యం వేసి, ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చేసింది. ఫిజా ఏడవలేదు. తాతతో చెప్పకండి మేడం, నేనే నెమ్మదిగా చెప్పుకుంట అని మాత్రం అంది.

అప్పటికి జామర్లు ఆపేసినట్టున్నారు. బయట రోడ్డంతా ఫోన్లు ఒక్కసారిగా మోగుతున్నాయి. పేపరు ఎలా వచ్చింది, ఎన్ని రాశావు, బోటనీ కష్టమా అంటూ ఒకటే గోల. గేటు కానిస్టేబులు తాడు తీస్తున్నాడు. బాబా మియా పొద్దున కూర్చున్న చోటనే లేచి నిలబడి ఉన్నాడు. ఎండ ఆయన మీదికి ఎప్పుడో వచ్చేసింది, జరిగి కూర్చోలేదు.

ఫిజా నవ్వు మొహం పెట్టుకుని ఎదురెళ్లింది. మంచిగ రాసిన దాదా అంది. ముసలాయన ఆ పిల్ల మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత పార్వతీదేవిని చూసి, జనాన్ని తోసుకుంటూ దగ్గరికొచ్చాడు. కళ్లనిండా నీళ్లు.

"ఎవ్వరికన్న జెప్పిన్రా మేడం?"

చెప్పలేదని ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నాకెర్కనే. మొహం జూస్తేనే నాకు తెలిసింది, మాట మీద నిలబడేటామె అని. మీరు గా మాట దాస్తేనే గద మా పోరి గియ్యాల పరీక్ష రాసింది. అల్లా మిమ్ముల సల్లగ జూడాలె బిడ్డా."

అని, ఆ మట్టి చెయ్యి ఆవిడ తల మీద పెట్టాడు. పార్వతీదేవి తల వంచుకుని నిలబడింది. ఆ చెయ్యి తీసెయ్యమని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.